ఇప్పుడే తిన్నానండీ

పెళ్ళికి ముందు, పిల్లాడికి ముందు, నాకంటూ ఒక టేబులూ దానిమీద ఒక కంప్యూటరూ ఉన్న ఆ రోజుల్లో, మా బుజ్జన్నయ్యని చూసి నేను కుళ్ళుకున్నంతగా విజయవాడలో ఎవరూ ఎవరినీ చూసి కుళ్ళుకుని ఉండరు. ఇప్పుడు దాన్ని ఈర్ష్య అని మర్యాదగా రాస్తున్నాను గానీ, అప్పుడది కడుపులో మండే వస్తువు. అన్నయ్య అంటే సొంత అన్నయ్య కాదు, పెదనాన్న గారి అబ్బాయి. నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. ఆ ఎనిమిది నెలల పుణ్యానే నేనతన్ని అన్నయ్యా అనాలి, ముందు వాడి కంచంలో వడ్డించాక నా కంచంలో వడ్డించాలి, ఇంట్లో ఒకే సైకిలు కొంటే అది వాడిదై వెనక సీటు నాదవ్వాలి. ఇవన్నీ నేను సహించాను. సహించలేనిది ఒక్కటే, పారిస్.

మాది బట్టల వ్యాపారం. తాతల నాడు ఉయ్యూరు దగ్గర మగ్గాలు, నాన్నల నాటికి వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టు. ఇల్లు గుణదలలో. డిగ్రీ అయ్యాక నన్ను కొట్టు మీది గదిలో కూర్చోబెట్టి ‘ఈమెయిళ్ళు చూసుకో’ అన్నారు. అదే నా ఉద్యోగం. ఒకరోజు పారిస్ నుంచి ఒక మేడమ్ ఉత్తరం రాసింది. ఎక్కడో ప్రదర్శనలో మా తెల్ల చేనేత బట్ట చూసిందట, పెద్ద హోటళ్ళకి టేబుల్ గుడ్డలూ చేతిరుమాళ్ళూ సరఫరా చేసే వ్యాపారం ఆవిడది. ఎనిమిది నెలలపాటు ఆవిడకి జవాబులు రాశాను. నూలు సంగతీ, ఉతికితే ఎంత ముడుచుకుంటుందనే సంగతీ రాస్తూ రాస్తూ, మా నేతగాళ్ళలో ఒక ముసలాయన దారం తెగినప్పుడల్లా మగ్గాన్ని పేరుపెట్టి తిట్టడం, అది విని మిగతా మగ్గాలవాళ్ళు పని ఆపి నవ్వడం కూడా రాసేదాన్ని. ఆవిడా జవాబుల్లో నవ్వేది. ‘మీ ముసలాయనకీ మగ్గానికీ రాజీ కుదిరిందా?’ అని అడిగేది. ఉత్తరం కింద మాత్రం నా పేరుండేది కాదు, కొట్టు పేరే ఉండేది. అది పెదనాన్న నియమం.

చివరికి మేడమ్ ‘ఒకసారి రండి, మీ బట్ట ఏ బల్లమీద పరుచుకుంటుందో చూపిస్తాను, అక్కడే భోంచేద్దాం’ అని పిలిచింది. నేను పాస్‌పోర్టు తీసుకున్నాను. ఆ హోటల్ పేరు కనుక్కుని, వాళ్ళ వంటకాల జాబితా ఇంటర్నెట్‌లో చూసి, అర్థాలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఏది ముందు, ఏది తర్వాత, ఫోర్కు ఎడమవైపా కుడివైపా, అన్నీ వీడియోలు చూసి బట్టీ పట్టాను. పరీక్షలకి కూడా అంత చదవలేదు. అప్పుడు పెదనాన్న పడక్కుర్చీలోంచి అన్నారు:

“ఒక్కదానివీ అంతదూరం ఏం వెళ్తావమ్మాయ్? బుజ్జిగాడు వెళ్తాడులే. నవ్వుతూ కూర్చుని రావడమేగా!”

“ఉత్తరాలు రాసింది నేను కదా పెదనాన్నా?”

“నువ్వే రాశావు, ఎవరు కాదన్నారు? కానీ ఆ సంగతి అక్కడ చెప్పొద్దురా బుజ్జీ. ఇంట్లో ఆడపిల్లతో రాయిస్తున్నామంటే మనది చిన్న వ్యాపారం అనుకుంటారు.”

నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు. అమ్మ మాత్రం నాకు ఇంకో గరిటె పప్పు వేసింది, ఓదార్పు అన్నమాట.

ప్రయాణానికి ముందురోజు బుజ్జన్నయ్య పైగదిలోకి వచ్చి నా టేబుల్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. “ఏమే, అక్కడి హోటళ్ళలో తినడానికి ఏమైనా తెలుసుకోవాలంటావా?” అన్నాడు. నా నోట్‌బుక్ సొరుగులోనే ఉంది. సొరుగు మీద చెయ్యి పెట్టి, “నోట్లో పెట్టుకోవాలి, నమలాలి, మింగాలి” అన్నాను. “నీకు అన్నం తినడం కూడా నేర్పాలా?” (ఆ మాట అన్నందుకు ఈరోజుకీ సిగ్గే. సిగ్గుపడుతూనే, అన్నప్పటి తృప్తి కూడా గుర్తొస్తుంది.)

ఇక ఆ మధ్యాహ్నం అక్కడ జరిగింది వాడు చెప్పగా విన్నదే. ఎన్నిసార్లు చెప్పించుకున్నానంటే, ఆ కుర్చీలో నేనే కూర్చున్నట్టుంటుంది. బల్లమీద మోకాళ్ళ దాకా వేలాడే తెల్లబట్ట. కుర్చీ జరిపేవాడొకడు, నీళ్ళు మామూలువా గ్యాసువా అని అడిగేవాడొకడు, వీళ్ళందరికీ పెద్దగా నల్లకోటాయన ఒకడు. ఆయన ఇద్దరికీ అట్టలంత జాబితాలు ఇచ్చాడు. అన్నయ్య తెరిచి చూస్తే వంటకాల పేర్లున్నాయి, ధరలు లేవు. వెనక్కి తిప్పాడు, అక్కడా లేవు. అలాంటి చోట పిలిచినవాళ్ళ జాబితాలోనే ధరలుంటాయి, అతిథి జాబితాలో ఉండవు. అతిథి లెక్కలు చూసుకోకుండా నచ్చింది చెప్పుకోవాలని ఆ ఏర్పాటు. నా నోట్‌బుక్ రెండో పేజీలో రాసుకున్నాను ఇది. కానీ మా అన్నయ్య వన్‌టౌన్‌లో పుట్టిన మనిషి. మా కొట్లో ధర చీటీ అతికించని చీర అంటే, బీరువాలోంచి తీసి, ముందు మజ్జిగ ఇచ్చి, ఆ తర్వాత ధర చెప్పే చీర. జాబితా మొత్తం చీటీ లేదంటే ఇదంతా బీరువా సరుకే అని వాడికి చెమట పట్టింది.

నల్లకోటాయన ముందు అతిథినే అడిగాడు, “తమరికేం కావాలి?” అని. అక్కడ మా అన్నయ్య నోటివెంట వచ్చిన మాట వాడిది కాదు, మా ఉయ్యూరు నాయనమ్మది. చిన్నప్పుడు మమ్మల్ని ఎవరింటికైనా తీసుకెళ్తే వాకిట్లోనే చెప్పేది. పెట్టగానే తినకూడదు, తిండికి మొహం వాచినట్టుంటుంది. మొదటిసారి అడిగితే ‘ఇప్పుడే తిన్నానండీ’ అనాలి. రెండోసారి ‘అబ్బే, వద్దండీ’ అనాలి. మూడోసారికి ‘సరే, కొంచెం’ అనాలి. కృష్ణా జిల్లాలో ఏ ఇంట్లోనైనా ఈ మూడూ అందరికీ తెలుసు. అడిగేవాళ్ళు మూడోసారికి సిద్ధంగా గరిటె పట్టుకునే ఉంటారు.

“ఇప్పుడే తిన్నానండీ” అన్నాడు అన్నయ్య ఇంగ్లీషులో. పొద్దుటినుంచి ఆ భోజనం కోసమే ఏమీ తినకుండా కడుపు ఖాళీగా పెట్టుకున్న మనిషి! మేడమ్ కళ్ళజోడు తీసి, “అయ్యో, నిజంగానా?” అంది. “అవునండీ, ఒక్క సూప్ చాలు” అని, చల్లటి కూరగాయల సూప్ ఒకటి ఉంటే దాని మీద వేలు పెట్టాడు. పెట్టి, రెండోసారి అడుగుతారని ముఖంలో మొహమాటం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

ఎవరూ అడగలేదు. వాళ్ళ దగ్గర వద్దంటే వద్దనే అర్థం. తినని మనిషిని మళ్ళీ అడగడమే అక్కడ అమర్యాద. ఇంకో మర్యాద కూడా ఉంది, అదింకా ఘోరం. అతిథి ఒకే వంటకం తీసుకుంటే పిలిచినవాళ్ళు ముందొకటీ వెనకొకటీ పెట్టుకుని తినరు. ఒకరు తింటూ ఉంటే ఇంకొకరు ఖాళీ బల్ల చూస్తూ కూర్చోకూడదు కదా. అందుకని మేడమ్ తన జాబితా మెల్లిగా మూసి, “అయితే నాకూ సూపే” అంది. అక్కడి చేప కోసం ఆవిడ వారం నుంచీ ఎదురుచూస్తోందని తర్వాత తెలిసింది. నల్లకోటాయన ఇద్దరి జాబితాలూ తీసుకుని, ఏదో శుభం కాని వార్త విన్నవాడిలా వంగి వెళ్ళిపోయాడు.

తర్వాత బల్ల సర్దేవాడొచ్చాడు. అలాంటిచోట ముందు అన్నీ పరిచి పెడతారు, ఏం తింటారో చెప్పాక అక్కర్లేనివి తీసేసి కావలసినవి పెడతారు. అతను పళ్ళెంలో గుడ్డ పరిచి, చప్పుడు లేకుండా ఒక్కో ఫోర్కు, ఒక్కో కత్తి ఏరుకున్నాడు. “నా బట్టలు సర్దుకుని ఎవరో ఇంట్లోంచి వెళ్ళిపోతున్నట్టుందే” అనేవాడు అన్నయ్య. చివరికి ఇద్దరి ముందూ చెరో స్పూను మిగిలింది. రొట్టెల బుట్ట వచ్చింది. పట్టకారుతో పట్టుకుని ఏది కావాలని అడిగితే, అలవాటు కొద్దీ “వద్దండీ” అన్నాడు. బుట్ట నిజంగానే వెళ్ళిపోయింది. దాని వెనకే వెన్న గిన్నె కూడా వెళ్ళిపోయింది.

అప్పుడు మేడమ్ అంది, “ఉత్తరాల్లో ఎంత సరదాగా ఉండేవారు! ఇక్కడ ఇంత మౌనమేమిటి? ఇంతకీ మీ ముసలాయనకీ మగ్గానికీ రాజీ కుదిరిందా?”

అన్నయ్యకి ఆ ముసలాయన తెలుసు, తిట్లు తెలుసు. కానీ ఏ రాజీ, ఎప్పటి రాజీ, నేనేం రాశానో వాడికేం తెలుసు? “కుదిరిందండీ” అన్నాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు, నవ్వలేదు. ఉతికే ముందు నూలుకి ఏం చేస్తామో అడిగింది. అదీ నేను రెండు పేజీలు రాసిందే. వాడు “అన్నీ చేస్తామండీ” అన్నాడు. ఆవిడ చేతిరుమాలు మడతని సరిచేసుకుంటూ కూర్చుంది. ఆ మడత పోకడ చూస్తే బేరం చేజారుతోందని అర్థమైపోయిందట. వ్యాపారస్తుడి కొడుకు కదా, అదొక్కటీ అర్థమైంది. చేతులు కడుక్కొస్తానని లేచాడు.

విజయవాడలో అప్పుడు సాయంత్రం ఐదు కావస్తోంది. పైగదిలో నేను మిరపకాయ బజ్జీ తింటున్నాను. కింద పెదనాన్న గల్లా దగ్గర కునుకు తీస్తున్నారు. ఫోన్ మోగింది, మెసేజ్ మీద మెసేజ్. ‘చెల్లీ’, ‘ఉన్నావా’, ‘సూప్ ఒక్కటే చెప్పాను’, ‘మేడమ్ కూడా సూపే చెప్పింది’, ‘ఫోర్కులు పట్టుకుపోయారు’, ‘ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి’.

నిజం చెప్తున్నాను, ఆ బజ్జీ అంత రుచిగా ఎప్పుడూ లేదు. ఇంకోటి తీసుకుని మెల్లిగా తిన్నాను. జవాబు ఇవ్వలేదు. సైకిలు వెనక సీటు మీద కూర్చున్న రోజులన్నీ గుర్తుచేసుకున్నాను. అప్పుడు ఇంకో మెసేజ్ వచ్చింది: ‘ముసలాయనకీ మగ్గానికీ రాజీ కుదిరిందా అని అడుగుతోంది. ఉత్తరాల్లో సరదాగా ఉండేవాడినంట. ఏం చెప్పను?’

చేతిలో బజ్జీ తిరిగి పొట్లంలో పెట్టేశాను. ఉండేవాడినంట! నా ముసలాయన, నా మగ్గం, నా ఎనిమిది నెలల హాస్యం, ఆ హోటల్లో ఆ తెల్లబట్ట ముందు వీడి పేరున నడుస్తున్నాయి. పైగా సరిగ్గా నడవడం కూడా లేదు. వాడు మునిగితే చూసి సంతోషిద్దామనుకున్నాను గానీ, వాడు మునుగుతోంది నా పడవలో. ఈ బేరం పోతే రేపటినుంచి ఉత్తరాలు ఉండవు. ఉత్తరాలు లేకపోతే పైగది లేదు. పైగది లేకపోతే అమ్మ అప్పటికే బీరువాలో దాచిన పెళ్ళికొడుకుల ఫొటోలు ఉన్నాయి.

ఫోన్ చేశాను. “వెళ్ళి నిజం చెప్పెయ్ అన్నయ్యా. ఉత్తరాలు నేను రాశానని చెప్పు. ఆకలేస్తోందని కూడా చెప్పు.”

“నాన్న చంపేస్తాడే!”

“అయితే సూప్ తాగి రా.”

“పోనీ ఆకలి సంగతి ఒక్కటీ చెప్పనా?”

“రెండూ చెప్పు. లేకపోతే నన్ను అడగకు.”

వాడు పెట్టేశాడు. అది నా మంచితనం అనుకుంటున్నారేమో. కాదు, అంతా కుళ్ళే. వాడు బాగుపడాలని కాదు, నా పేరు ఆ బల్లమీద పడాలని. ఆరు నిమిషాలు గడిచాయి. బజ్జీలు చల్లారిపోయాయి. కింద పెదనాన్న లేచి దగ్గారు. ఫోన్ మోగింది. ఎత్తగానే గ్లాసుల చప్పుడు, మెత్తటి మాటల గుసగుస, మధ్యలో ఒక పెద్దావిడ గొంతు, “ముసలాయనకి రాజీ కుదిర్చింది నువ్వేనా?”

“ఇంకా కుదరలేదు మేడమ్. మొన్న మగ్గం కాలు విరిగింది, ఆయన రెండు రోజులు అన్నం మానేశాడు” అన్నాను.

ఆవిడ నవ్వింది. ఉత్తరాల్లో చదివిన నవ్వు అదే మొదటిసారి చెవితో వినడం. తర్వాత గొంతు తగ్గించి (అక్కడ ఫోన్లు మాట్లాడితే చుట్టూ చూస్తారట), “మీ అన్నయ్య నిజంగా తినివచ్చాడా?” అని అడిగింది.

నాయనమ్మ మూడు మాటల సంగతీ చెప్పాను. మొదటి ‘వద్దు’కి మా దగ్గర అర్థం ఏమీ లేదనీ, అది దండం పెట్టడం లాంటిదనీ చెప్పాను. “అంటే నేను ఇంకో రెండుసార్లు అడిగి ఉంటే నాకూ ఈపాటికి భోజనం దొరికేదన్నమాట” అంది ఆవిడ. ఫోన్ పక్కకి పెట్టి, “భోంచేస్తారా?” అని అడగడం వినపడింది. “అబ్బే, వద్దండీ” అని అన్నయ్య గొంతు! అంతా చెప్పాక కూడా! నేనిక్కడ నెత్తి కొట్టుకున్నాను. ఆవిడ పట్టు వదల్లేదు, “భోంచేస్తారా?” అని మళ్ళీ అడిగింది. “సరేనండీ, కొంచెం” అన్నాడు, ప్రాణం లేచొచ్చిన గొంతుతో.

“ఇక మా ఇద్దరికీ నువ్వే చెప్పు” అంది మేడమ్. “జాబితా నీ దగ్గరుందటగా, మీ అన్నయ్య చెప్పాడు. సొరుగులో.” (దొంగకి ఆ సొరుగు సంగతి ముందే తెలుసు!)

నోట్‌బుక్ తీశాను. ముందు మేడమ్‌కి ఏది పడదో అడిగాను, ఎందుకంటే వాళ్ళు కూడా ముందు అదే అడుగుతారు. పడనిదేమీ లేదంది. నల్లకోటాయన వచ్చి ఫోన్ దగ్గర వంగాడట. మొదట ఇద్దరికీ పీత చెప్పాను. డెల్టావాడు పీతని చూసి భయపడడు. తర్వాత పావురమూ బాతూ వదిలేశాను, అవి లోపల గులాబీ రంగులో ఉండగానే తెస్తారు, మావాడు చూస్తే సగంలో లేచిపోతాడు. ఇద్దరికీ వెన్నలో వేయించిన చేప చెప్పాను. మేడమ్ పక్కనుంచి “ఆహా” అంది. చివరికి, “పొంగే తీపి, సూఫ్లే, అదిప్పుడే చెప్పాలి కదండీ?” అన్నాను. నల్లకోటాయన “అవునండీ, సరిగ్గా చెప్పారు” అన్నాడు. అది గుడ్ల నురగతో అప్పటికప్పుడు కాల్చాల్సింది, భోజనం అయ్యాక అడిగితే అరగంట కూర్చోవాలి, కాలిన వెంటనే తినకపోతే చప్పున కుంగిపోతుంది. ఆ ‘సరిగ్గా చెప్పారు’ అన్న మాటకి నాకు యూనివర్సిటీ ఫస్టు వచ్చినట్టయింది. ఇప్పటిదాకా నన్ను అంత గౌరవంగా మెచ్చుకున్నవాళ్ళు లేరు (మా పిల్లాడి డాక్టరు గారు ఒకసారి జ్వరం సరిగ్గా చూశానన్నారు, అది రెండోది).

ఆ తర్వాత ఫోన్ పెట్టేశారు. వాళ్ళు తింటారు, నేనెందుకు మరి? చల్లారిన బజ్జీల ముందు కూర్చున్నాను. వెళ్ళిపోయిన ఫోర్కులన్నీ తిరిగొచ్చాయని మెసేజ్ వచ్చింది. పీత ఫొటో వచ్చింది. చేపని బల్ల పక్కనే పెట్టి, నల్లకోటాయన పెద్ద స్పూనూ ఫోర్కూతో ముల్లు మొత్తం ఎక్కడా తెగకుండా లాగేశాడని, ‘నన్నడిగితే చేత్తో అర నిమిషంలో తీసేవాణ్ణి’ అని అన్నయ్య బాధపడ్డాడు. చివరికి సూఫ్లే ఫొటో. గిన్నె అంచుమీదికి రెండంగుళాలు పొంగి, బంగారు రంగులో. దాని కింద వాడి మెసేజ్: ‘అబ్బ! నువ్వుండాల్సింది చెల్లీ.’

ఫోన్ బోర్లా పెట్టి ఏడ్చాను. అది ఆనందమని ఎవరైనా అంటే ఒప్పుకోను. ప్రతి వంటకం నేను చెప్పాను, ప్రతి ముద్దా వాడు తిన్నాడు.

బేరం కుదిరింది. కాగితాలమీద మేడమ్ ఒక వాక్యం రాయించింది, ఉత్తరాలు ఇకమీదట నా పేరుతోనే రావాలని. పెదనాన్న ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, కళ్ళజోడు మీదనుంచి నన్ను చూశారు. “అంతగా ఏం రాశావమ్మాయ్?” అన్నారు. ముసలాయనా మగ్గం సంగతి చెప్పాను. “ఓస్, ఇంతేనా?” అన్నారు. మర్నాడు ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళి, ఇంకేమైనా తిడతావా అని అడిగొచ్చారట.

ఇదంతా ఆరేళ్ళ కిందటి మాట. ఇప్పుడూ ఉత్తరాలు నేనే రాస్తున్నాను, పిల్లాడు పడుకున్నాక, మధ్యమధ్య లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ. నా పాస్‌పోర్టులో ఈరోజుకీ ఒక్క ముద్ర లేదు. మొదట పెళ్ళి, తర్వాత వేవిళ్ళు, తర్వాత వీడు. మేడమ్ ప్రతి ఏడాదీ పిలుస్తుంది, ప్రతి ఏడాదీ బుజ్జన్నయ్యే వెళ్తాడు. ఇప్పుడు వాడికి ఏ నీళ్ళు కావాలో వాడే చెప్తాడు, రొట్టె మొదటిసారికే తీసుకుంటాడు, తిరిగొచ్చి మా ఇంట్లో అమ్మ చేసిన పెసరట్టు ముల్లుగరిటెతో తింటాడు. వాణ్ణి చూస్తే నాకింకా కుళ్ళే. తగ్గిందని అబద్ధం చెప్పను.

ఈరోజు కూడా వాడక్కడే ఉన్నాడు. నేను పిల్లాడు ఉమ్మేసిన ఇడ్లీ ముక్క నోట్లో వేసుకుంటూ ఉండగా ఫోన్ మోగింది. వాడు పంపిన ఫొటోలో అదే బల్ల, మీద తెల్లబట్ట. మా బట్ట, అంచు చూసి గుర్తుపట్టాను. ‘మేడమ్ నిన్ను అడుగుతోంది. వచ్చే ఏడు నీకూ పిల్లాడికీ టిక్కెట్లు పంపుతుందట, వాడికి చిన్న కుర్చీ కూడా వేయిస్తుందట. వస్తావా?’ అని రాశాడు.

పిల్లాడికి అంత దూరం విమానం, చెవి నొప్పి, కొత్త నీళ్ళు, జ్వరం వస్తే ఎవరికి చూపిస్తాం, అక్కడ పాలు ఎక్కడ వేడిచేస్తారు... ఇవన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. ‘అబ్బే, ఇప్పుడెక్కడ కుదురుతుందిలే’ అని రాశాను. రాసి, ఫోన్ పక్కన పెట్టి, మూతి బిగించుకుని కూర్చున్నాను.

రెండు నిమిషాలకి మళ్ళీ మోగింది.

‘మేడమ్ రెండోసారి అడగమంది’ అని ఉంది. దాని కిందే ఇంకొకటి: ‘ఇది మూడోసారి. ఇది నేను అడుగుతున్నా.’

ఆ రోజు సొరుగు మీద చెయ్యి పెట్టి అన్నయ్యని ఏడిపించిన పిల్ల, ఈ వయసులో నాకు కొంచెం ముద్దొచ్చింది. పిల్లాడి మూతి కొంగుతో తుడిచి, ‘సరే, కొంచెం’ అని రాశాను. తర్వాత ఆలోచించి, ‘సూఫ్లే ముందే చెప్పమను’ అని కూడా రాశాను.